నా వల్ల కావట్లేదు మేడమ్

(మద్దిలపాలెం హాస్టల్లో ఉంటున్న ఇంజనీరింగ్ మూడో ఏడాది కుర్రాడికీ, అతని మెంటార్ మేడమ్‌కీ మధ్య రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో నడిచిన మాటలు)

విద్యార్థి: నా వల్ల కావట్లేదు మేడమ్

మేడమ్: చూశాను నాన్నా. మెలకువగానే ఉన్నాను, చెప్పు. ఇప్పుడు ఎక్కడున్నావు? పక్కన ఎవరైనా ఉన్నారా?

విద్యార్థి: రూమ్‌లోనే. రూమ్‌మేట్ నిద్రపోయాడు

మేడమ్: సరే. కావట్లేదు అన్నావు కదా, ఏది కావట్లేదు? చదువా, డబ్బా, ఇంటి సంగతా, ఇంకేదైనానా? వరసగా చెప్పక్కర్లేదు. తోచిన ముక్క రాయి. టైప్ చేయలేకపోతే వాయిస్ పంపు.

విద్యార్థి: అన్నీ

మేడమ్: అన్నీ ఒకేసారి మీద పడితే అలాగే ఉంటుంది. వాటిలో ఈ రాత్రి నిన్ను పడుకోనివ్వనిది ఏది?

విద్యార్థి: సోమవారం నాన్న వస్తున్నారు

మేడమ్: నర్సీపట్నం నుంచా? వస్తే ఏమవుతుందని భయం?

విద్యార్థి: ఫీజు కట్టడానికి. అమ్మ గొలుసు తాకట్టు పెట్టారు. నాకేమో అటెండెన్స్ 68. డీటెయిన్ చేస్తారంటున్నారు. రాత్రిళ్లు డెలివరీకి వెళ్తున్నాను, పొద్దున్నే లేవలేకపోతున్నాను. డెలివరీ సంగతి నాన్నకి తెలీదు

మేడమ్: ఇంత బరువు ఒక్కడివే మోస్తున్నావా! చెప్పినందుకు సంతోషం. అటెండెన్స్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒకటి సూటిగా అడుగుతాను, కోప్పడను, తప్పుగా అనుకోను. చచ్చిపోవాలని అనిపిస్తోందా?

విద్యార్థి: లేదు మేడమ్. ఎక్కడికైనా వెళ్లిపోవాలని ఉంది. బ్యాగ్ సర్దేశాను

మేడమ్: ఏం పెట్టావు అందులో?

విద్యార్థి: రెండు చొక్కాలు, ఛార్జర్, టెన్త్ సర్టిఫికెట్

మేడమ్: ఆ సర్టిఫికెట్ తీసి బీరువాలో పెట్టెయ్. ఈ రాత్రి స్టేషన్‌కి వెళ్లకు, నాకు మాటివ్వు. తిన్నావా?

విద్యార్థి: లేదు. వెళ్లను మేడమ్

మేడమ్: పక్కవాణ్ణి లేపు. ఏమీ అనుకోడు. వాడి దగ్గర బిస్కెట్లో అటుకులో ఏవో ఉంటాయి. ఇక అటెండెన్స్: 75 శాతం లేకపోయినా 65 దాటితే కండోనేషన్‌కి, అంటే తగ్గిన హాజరుని మన్నించమని అడగడానికి, దారి ఉంటుంది. ఇచ్చేస్తారని నేను మాటివ్వలేను గానీ, రేపు పొద్దున్న హెచ్‌ఓడీ గారి దగ్గరికి నీతో వస్తాను. నాన్నగారికి ఏం చెప్పాలో, ఎవరు ముందు చెప్పాలో క్యాంటీన్‌లో కూర్చుని మాట్లాడుకుందాం. నువ్వు సరే అనకుండా ఆయనకి నేను ఫోన్ చేయను. నీ ప్రాణానికి భయం అనిపిస్తే మాత్రం ఆగను, అది ఇప్పుడే చెబుతున్నాను.

విద్యార్థి: సరే మేడమ్. వాణ్ణి లేపాను

మేడమ్: మంచిది. మధ్యరాత్రి మళ్లీ ఊపిరాడనట్టు అనిపిస్తే నాకు ఫోన్ చెయ్, సౌండ్‌లోనే పెట్టుకుంటాను. నేను ఎత్తకపోతే 14416కి చెయ్, టెలీ మానస్ అని మనసు బాలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్. డబ్బులు పడవు, ఏ వేళైనా తెలుగులోనే మాట్లాడతారు. రేపు తొమ్మిదికి క్యాంటీన్ దగ్గర. రాకపోతే నేనే హాస్టల్‌కి వచ్చేస్తాను.

విద్యార్థి: వస్తాను మేడమ్. వీడు మ్యాగీ చేస్తానంటున్నాడు