2026 ఆగస్టు – 2027 జనవరి: పండగల సీజన్ బడ్జెట్, నగదు అంచనా

విజయనగరం, 2026 జూలై 26
బాబాయ్‌కి, అన్నయ్యకి

మన బట్టల హోల్‌సేల్ కొట్టుకి శ్రావణం నుంచి సంక్రాంతి దాకా ఏ నెలలో ఎంత వస్తుంది, ఎంత పోతుంది, బంగారం మీద తీసుకునే అప్పు ఎప్పుడు ఎలా తీరుతుంది అన్నది ఇందులో రాశాను. ఆగస్టు 5 లోపల మీరిద్దరూ చూసి సరే అంటే బ్యాంకుకి వెళ్లొచ్చు. అంకెలన్నీ లక్షల్లో, జీఎస్టీతో కలిపి.

ముందుగా ఒక మాట. పోయినేడు నెలవారీ లెక్కని ఈసారి అలాగే దింపుకోకూడదు. 2025లో దసరా అక్టోబరు 2న, దీపావళి 20న వచ్చాయి. ఈ ఏడాది జ్యేష్ఠం అధికమాసం కావడంతో పండగలన్నీ వెనక్కి జరిగాయి. వినాయక చవితి సెప్టెంబరు 14న, దసరా అక్టోబరు 20 ప్రాంతంలో, దీపావళి నవంబరు 8న వస్తున్నాయి. సంక్రాంతి మాత్రం సూర్యుణ్ణి బట్టి వచ్చే పండగ, భోగి జనవరి 14న అక్కడే ఉంది. అంటే దీపావళికీ భోగికీ మధ్య పోయినేడు 86 రోజులుంటే ఈసారి 67 రోజులే. దసరా, సిరిమానుకి అరువిచ్చిన సరుకు డబ్బు వసూలు చేసి సంక్రాంతి సరుకుకి కట్టేది ఈ మధ్యకాలంలోనే. అందులో 19 రోజులు తగ్గిపోయాయి. ఈ అంచనాలో నేను తీసుకున్న ప్రతి జాగ్రత్తా దీని గురించే.

నెలవారీ పట్టిక (లక్షల్లో)

| | ఆగస్టు | సెప్టెం. | అక్టో. | నవం. | డిసెం. | జన. |
|---|---|---|---|---|---|---|
| అమ్మకం (బిల్లు విలువ) | 14.00 | 22.00 | 34.00 | 16.00 | 38.00 | 20.00 |
| నెల మొదట చేతిలో | 4.20 | 3.20 | 3.70 | 0.51 | 4.82 | 3.35 |
| వసూళ్లు | 9.90 | 15.70 | 24.80 | 23.80 | 29.30 | 25.30 |
| బంగారం అప్పు రాక | – | 10.00 | – | – | – | – |
| సరుకుకి చెల్లింపు | 8.00 | 22.00 | 24.00 | 14.00 | 24.00 | 16.00 |
| కొట్టు ఖర్చులు | 1.50 | 1.90 | 2.60 | 1.70 | 2.30 | 2.00 |
| జీఎస్టీ | 0.10 | – | – | 0.40 | 0.10 | 0.40 |
| ఇంటి వాడకం | 0.80 | 0.80 | 0.80 | 0.80 | 0.80 | 0.80 |
| గోడౌన్ ఈఎంఐ, సీసీ వడ్డీ | 0.50 | 0.50 | 0.50 | 0.50 | 0.50 | 0.50 |
| బంగారం అప్పు అసలు | – | – | – | 2.00 | 3.00 | 5.00 |
| బంగారం అప్పు వడ్డీ | – | – | 0.09 | 0.09 | 0.07 | 0.05 |
| నెలాఖరుకి చేతిలో | 3.20 | 3.70 | 0.51 | 4.82 | 3.35 | 3.90 |

వసూళ్లు ఎలా వేశాను

మన ఖాతా పుస్తకాల తీరు చూస్తే బిల్లులో 40 శాతం అదే నెలలో వస్తోంది. 35 శాతం తర్వాతి నెల, మిగతా 25 శాతం ఆ పై నెల వస్తున్నాయి. జూన్ అమ్మకం 6 లక్షలు, జూలై 8 లక్షలు అని పెట్టాను. అధికమాసంలో ముహూర్తాలు లేవు, ఇప్పుడేమో ఆషాఢం. శ్రావణం ఆగస్టు 13న మొదలవుతుంది, ఆగస్టు అమ్మకం దాని మీదే వేశాను.

అక్టోబరులో 34 లక్షల అమ్మకానికి దసరా ఒక్కటే కారణం కాదు. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను. ఊళ్లో ఇంటింటికీ చుట్టాలొస్తారు, ఆడపిల్లలకి చీరలు పెడతారు. టౌనులోని రిటైల్ కొట్లవాళ్లు ఆ వారంలో రెండోసారి సరుకు ఎత్తుతారు. అన్నిటికంటే పెద్ద నెల డిసెంబరు. ఖరీఫ్ ధాన్యం డబ్బు రైతు చేతికొచ్చేది అప్పుడే, వలస వెళ్లినవాళ్లు పండక్కి ఊరికొచ్చేదీ అప్పుడే. బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం, రాజాం కొట్లకి సంక్రాంతే అసలు పండగ.

అక్టోబరు నెలని దగ్గరగా చూడాలి

పట్టికలో అక్టోబరు ఆఖరుకి 51 వేలు మిగులుతున్నట్టు కనిపిస్తుంది. ఆ అంకెని నమ్ముకుని కూర్చుంటే మధ్యలో చెక్కు తిరిగిపోతుంది. మనకి సరుకిచ్చే సూరత్ వాళ్లకి కట్టాల్సింది నెల మొదటి సగంలో ఎక్కువ, రిటైల్ కొట్ల నుంచి డబ్బొచ్చేది పండగ అయ్యాక. అందుకే ఆ నెలని రెండు ముక్కలు చేశాను.

| | 1–18 | 19–31 |
|---|---|---|
| మొదట చేతిలో | 3.70 | –4.29 |
| వసూళ్లు | 9.00 | 15.80 |
| సరుకుకి | 14.00 | 10.00 |
| ఖర్చులు, దసరా మామూళ్లు | 2.00 | 0.60 |
| బ్యాంకు | 0.59 | – |
| ఇంటికి | 0.40 | 0.40 |
| ఆఖరుకి | –4.29 | 0.51 |

దసరా ముందు వారంలో 4 లక్షల 29 వేలు లోటు. దీన్ని సీసీ ఖాతాలోంచి తీసి, నెలాఖరులోపు తిరిగి కట్టేయాలి. మన సీసీ పరిమితి 20, వాడింది 12, ఇంకా 8 లక్షలు చేతిలో ఉన్నట్టే. ఆ 8 వాడుకోవాలంటే సెప్టెంబరు స్టాకు స్టేట్‌మెంటు బ్యాంకుకి టైముకి వెళ్లాలి. ఆ నెలాఖరుకి గోడౌన్‌లో సరుకు 30 లక్షలు, అందులో సూరత్ బాకీ 12 తీసేస్తే 18, దాని మీద 25 శాతం మార్జిన్ పోను 13.50. మూడు నెలల లోపు రావాల్సిన బాకీలు 16.70, వాటి మీద 40 శాతం మార్జిన్ పోను 10.02. రెండూ కలిపితే 23.52, మన పరిమితి కంటే ఎక్కువే. అంటే 20 లక్షలూ వాడుకోవడానికి అడ్డం లేదు. స్టేట్‌మెంటు ఆలస్యమైతే మాత్రం డ్రాయింగ్ పవర్ పాత అంకె మీదే ఆగిపోతుంది, అదీ సరిగ్గా దసరా ముందు. ఇది నా బాధ్యత, అక్టోబరు 5కి ఇచ్చేస్తాను.

బంగారం మీద 10 లక్షలు ఎందుకు, ఎలా

అప్పు లేకుండా నడపొచ్చా అని ముందు చూశాను. కుదరదు. అక్టోబరు ఆఖరుకే 9.40 లక్షల లోటు వస్తుంది, సీసీలో మిగిలింది 8. నెల మధ్యలో అయితే లోటు 14 దాటుతుంది. బ్యాంకు 15 లక్షల దాకా ఇస్తానంది, కానీ 10 చాలు. మిగతాది సీసీతో సర్దుకుందాం. ఎక్కువ డబ్బు చేతిలో ఉంటే ఎక్కువ సరుకు దించేయాలనిపిస్తుంది, అలా దించిన సరుకు మాఘం దాకా గోడౌన్‌లో కూర్చుంటుంది.

పిన్ని, వదిన ఇస్తామన్న నగలని ఒకే అప్పుగా పెట్టొద్దు. 2, 3, 5 లక్షల చొప్పున మూడు వేరు వేరు అప్పులుగా పెడదాం. నవంబరు 25న మొదటిది, డిసెంబరు 28న రెండోది, జనవరి 30న మూడోది మూసేస్తాం. ఒక్కోటి మూసినప్పుడు ఆ పొట్లంలోని నగలు అప్పుడే ఇంటికొస్తాయి. ఒకే అప్పయితే ఆఖరి రూపాయి కట్టేదాకా ఏదీ బయటికి రాదు. పిన్ని పండక్కి వేసుకునే హారం రెండో పొట్లంలో పెట్టించండి, సంక్రాంతికి చేతికొస్తుంది. వడ్డీ ఏడాదికి 11 శాతం లెక్కన వేశాను, నాలుగు నెలలకి మొత్తం 30 వేలు.

సరుకు కొనడం

రెండు విడతలు. దసరా, దీపావళి సరుకు ఆగస్టు, సెప్టెంబరుల్లో దిగాలి. సంక్రాంతి ఆర్డరు అక్టోబరు 25 లోపల సూరత్‌కి పెట్టేయాలి. దీపావళికి అక్కడ మార్కెట్ మూసేస్తారు, మగ్గాల మీద పనిచేసేవాళ్లు సొంతూళ్లకి వెళ్లిపోతారు. మళ్లీ పని ఊపందుకునేసరికి నవంబరు సగం దాటుతుంది. లారీలో సరుకు ఇక్కడికి రావడానికి వారం పది రోజులు. మన దగ్గర ఉన్నవి 67 రోజులే కాబట్టి దీపావళి అయ్యాక చూద్దాంలే అంటే డిసెంబరు మొదటి వారం అమ్మకం పోయినట్టే. ఆర్డరు ముందే పెడతాం, డబ్బు మాత్రం సరుకు దిగాకే కడతాం.

తయారీదారు చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే, ఒప్పందం ఉన్నా అతనికి 45 రోజుల్లోపు కట్టాలి. లేకపోతే ఆదాయపు పన్ను లెక్కలో ఆ ఖర్చు కట్టిన ఏడాదికి జరిగిపోతుంది. మార్చిలో హడావుడి పడకుండా ఇప్పుడే బిల్లుల మీద వాళ్ల ఉద్యమ్ నంబరు ఉందో లేదో చూసి వేరే ఫైలు పెడుతున్నాను.

అరువు విషయంలో నేను కోరేది

బాబాయ్, ఇది మీకు కష్టంగా ఉంటుందని తెలుసు. ఇరవై ఏళ్ల నుంచి మన దగ్గర కొంటున్నవాళ్లకి కాదని చెప్పలేరు. అయినా ఈ ఒక్క సీజన్‌కి దసరా బిల్లులో సగమైనా నవంబరు 20 లోపు కట్టనివాళ్లకి సంక్రాంతి సరుకు నగదుకే ఇద్దాం. మిగిలినవాళ్లకి అరువు మామూలుగానే నడుస్తుంది. నవంబరులో రావాల్సిన దసరా బాకీ 11.90 లక్షల్లో సగం ఒక నెల ఆలస్యమైతే నవంబరు ఆఖరుకి మన చేతిలో 4.82 ఉండదు, 1.13 లోటు ఉంటుంది. మొదటి పొట్లం ఆ నెలలోనే విడిపించాలి. సాలూరు, పార్వతీపురం లైనుకి నవంబరు 12 నుంచి అన్నయ్య వెళితే బాగుంటుంది, ఫోన్లో అడిగితే రానిది మనిషి వెళితే వస్తుంది.

తుపాను వస్తే

ఇది మన జిల్లాల్లో ఊరికే అనుకునే భయం కాదు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. రెండూ పండగల వేళే. అక్టోబరు అమ్మకం పావు వంతు పడిపోయి 25.50కి దిగితే ఏమవుతుందో చూశాను. అక్టోబరు ఆఖరుకి 2.89, నవంబరుకి 1.56, డిసెంబరుకి 5.15 లక్షల లోటు. సీసీలోని 8 లక్షలు దాన్ని మోస్తాయి, కంతులు ఆగవు. కాకపోతే సంక్రాంతి ఆర్డరులో 5 లక్షలు తగ్గించాలి, దసరాకి మిగిలిన చీరలే అప్పుడు అమ్మాలి. అలా చేస్తే డిసెంబరు లోటు 15 వేలకి దిగుతుంది. అందుకే సూరత్ ఏజెంటుతో మాట్లాడేటప్పుడు ఆ 5 లక్షల సరుకుని నవంబరు 10 దాకా రద్దు చేసుకునే వీలుంచమని అడగాలి. గోడౌన్ సరుకు బీమా సెప్టెంబరు 1కి ముందే రెన్యువల్ చేయిస్తాను, స్టాకు విలువ 30 లక్షలకి పెంచి. దాని ప్రీమియం ఆగస్టు ఖర్చులో ఉంది.

జనవరి ఆఖరుకి ఎక్కడుంటాం

చేతిలో డబ్బు ఆగస్టులో 4.20, జనవరికి 3.90. ఆరు నెలలు కష్టపడి ఏం మిగిలిందని అన్నయ్య అడుగుతాడు. మిగిలింది ఖాతాల్లో ఉంది. రావాల్సిన బాకీలు 6.30 నుంచి 21.50కి పెరుగుతాయి. గోడౌన్ సరుకు 26 నుంచి 14కి తగ్గుతుంది. సూరత్ బాకీ 11 దగ్గర ఉంటుంది. ఫిబ్రవరిలో 16.50 లక్షలు, మార్చిలో 5 లక్షలు పాత బిల్లుల మీదే రావాలి. ఆ డబ్బుతో ముందు సూరత్ బాకీ, తర్వాత సీసీ తగ్గించడం. పెళ్లిళ్ల సీజన్ సరుకు మాట ఆ తర్వాతే.

ప్రతి నెలా 3వ తారీఖు సాయంత్రం కొట్టు మూశాక ముగ్గురం కూర్చుని అసలు అంకెలు ఈ పట్టిక పక్కన రాద్దాం. మొదటిది సెప్టెంబరు 3. ఆ రోజుకి ఆగస్టు వసూళ్లు 9 లక్షలు దాటకపోతే సెప్టెంబరు కొనుగోలులో 2 లక్షలు ఆపుతాను.