మగవాళ్ల మెడికల్ వార్డు: పగటి డ్యూటీ నుంచి రాత్రి డ్యూటీకి అప్పగింత (ఇంగ్లీషు నోటుకు తెలుగు ప్రతి)

అమలాపురం, నవంబరు 14, 20:00. రోగులు 9 మంది. టైములన్నీ 24 గంటల లెక్క. మందుల పేర్లు, అంకెలు ఇంగ్లీషు నోటులో ఉన్నట్టే ఉంచాను. ‘మి.గ్రా.’, ‘మై.గ్రా.’ ఒక్క గుర్తు తేడాతో తారుమారవుతాయి కనుక కొలతలు పూర్తిగా రాశాను.

మంచం 4. పాముకాటు. ముందు ఇక్కడికే వెళ్లండి.

46 ఏళ్లు, 58 కిలోలు. 06:30కి సార్వా కోతలో కుడి చీలమండ దగ్గర కాటు. ఇంటివాళ్లు రక్తపింజర అంటున్నారు. పామును ఎవరూ తేలేదు, నోటులో ‘ఏ పామో తెలియదు’ అనే ఉంది, నేనూ అలాగే ఉంచాను.

08:15కి 20 నిమిషాల పరీక్ష: రక్తం గడ్డకట్టలేదు. 08:45కి ఏఎస్‌వీ 10 వయల్స్, 500 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్‌లో మొదలు. 08:55కి ఒళ్లంతా దద్దుర్లు. డ్రిప్ ఆపి అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు తొడ కండలోకి ఇచ్చారు. దద్దుర్లు తగ్గాక 09:20కి మళ్లీ మొదలుపెట్టి 10:15కి పూర్తి చేశారు. 14:45 పరీక్షలోనూ గడ్డకట్టలేదు. 15:00 నుంచి 16:00 వరకు మరో 10 వయల్స్, ఈసారి రియాక్షన్ లేదు. మొత్తం 20.

తర్వాతి పరీక్ష 21:00. 2 మిల్లీలీటర్ల రక్తం, పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబులో 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూడాలి. ప్లాస్టిక్ ట్యూబు గానీ సబ్బుతో కడిగిన ట్యూబు గానీ వాడితే, గడ్డకట్టే రక్తం కూడా గడ్డకట్టనట్టు కనిపిస్తుంది. గడ్డకట్టకపోతే డ్యూటీ డాక్టరుకు ఫోను. మూడో డోసు డాక్టరు రాశాకే.

టీటీ 0.5 మిల్లీలీటర్లు ఇంకా ఇవ్వలేదు. రక్తం గడ్డకట్టేదాకా కండలోకి ఇంజక్షన్లు వద్దు. రియాక్షన్‌కు అడ్రినలిన్ ఒక్కటే మినహాయింపు, అది మంచం పక్క ట్రేలో ఉంది. నొప్పికి పారాసిటమాల్ 650 మిల్లీగ్రాములు నోటితో, అవసరమైతేనే. డైక్లోఫెనాక్ ఇవ్వొద్దు.

19:30కి: స్పృహలో ఉన్నాడు, బీపీ 118/76, నాడి 92, ఆక్సిజన్ పెట్టకుండా 98 శాతం. రెప్పలు వాలడం లేదు. చిగుళ్ల రక్తం 17:00కి ఆగింది. పిక్క చుట్టుకొలత 12:00కి 34, ఇప్పుడు 36 సెంటీమీటర్లు, వాపు అంచున పెన్నుతో గీత ఉంది. మూత్రం 14:00 నుంచి 20:00 దాకా 210 మిల్లీలీటర్లు, క్రియాటినిన్ 1.6. గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గితే చెప్పాలి. ఇంగ్లీషులో ‘స్టేబుల్’ అని ఉంది. దాన్ని ‘బాగున్నాడు’ అని రాయలేదు, వాపు పెరుగుతోంది. ‘బీపీ, నాడి, శ్వాస ప్రస్తుతానికి నిలకడ’ అని చదువుకోండి.

మంచం 7. 62 ఏళ్లు, షుగరు, ఎడమ పాదంలో ఇన్‌ఫెక్షన్. 19:30కి షుగర్ 214. 19:45కి రెగ్యులర్ ఇన్సులిన్ 8 యూనిట్లు ఇచ్చారు, అన్నం సగమే తిన్నాడు. 22:00కి తప్పక షుగర్ చూడండి, అంతకుముందే చెమటలు, తడబాటు ఉంటే వెంటనే. వయల్ మిల్లీలీటరుకు 40 యూనిట్లది, ఎర్ర మూత సిరంజి మాత్రమే. సెఫ్ట్రియాక్సోన్ 1 గ్రాము నరంలోకి 21:00కి, రింగర్ లాక్టేట్‌తో కలపొద్దు. థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు ఉదయం 06:00, పరగడుపున.

మంచం 2. రేపు డిశ్చార్జి. రాత్రి మందులు లేవు.

మిగతా 6 మంచాల్లో మార్పు లేదు, చార్టు ప్రకారం.