ఫ్లోరైడ్ ప్రాజెక్ట్ రిపోర్ట్ చదివాను, సార్‌కి ఇచ్చేముందు ఇవి సరిచేయండి

తమ్ముళ్ళూ, చెల్లీ, రిపోర్ట్ మొదట్నుంచి చివరిదాకా చదివాను. పని మాత్రం చాలా బాగా చేశారు, మర్రిగూడ, మునుగోడు మండలాల్లో బోర్ల దగ్గరికెళ్ళి 24 శాంపిళ్ళు పట్టుకొచ్చి ఒక్కోదాన్ని రెండుసార్లు టెస్ట్ చేయడం డిగ్రీలో మామూలు విషయం కాదు. కానీ రిపోర్ట్‌లో ఆ పని కనిపించట్లేదు. నలుగురూ నాలుగు ఫైళ్ళు రాసి ఒకదాని కింద ఒకటి పేస్ట్ చేశారు, ఆ తర్వాత ఎవరూ మొత్తం చదవలేదని రెండో చాప్టర్‌కి వచ్చేసరికే తెలిసిపోతోంది.

ముందు రిపీట్ అయినవి చూద్దాం. ఫ్లోరోసిస్ అంటే ఏంటి, పళ్ళకి ఏమవుతుంది, ఎముకలకి ఏమవుతుంది అన్నది 1.2లో ఉంది, 2.1లో ఉంది, మళ్ళీ 4.1లో ఉంది. పేజీలు పెరిగితే పెరిగాయి అనుకోవచ్చు, కానీ మూడుచోట్లా మూడు రకాలుగా ఉంది, అసలు సమస్య అదే. 1.2లో లిమిట్ లీటరుకి 1.0 మిల్లీగ్రాము అన్నారు, 2.1లో 1.5 అన్నారు, 4.1లో ఏ స్టాండర్డో చెప్పకుండా "పరిమితి దాటింది" అని వదిలేశారు. రెండు అంకెలూ కరెక్టే, IS 10500:2012లో 1.0 దాకా ఉండొచ్చు, వేరే నీళ్ళ సోర్స్ లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు, డబ్ల్యూహెచ్ఓ చెప్పేది కూడా 1.5 నే. అది 1.2లో ఒక్కసారి ఇలా వివరంగా రాసి మిగతా రెండూ తీసేయండి, ఎందుకంటే మీ టేబుల్లో 1.0కీ 1.5కీ మధ్య పడ్డ శాంపిళ్ళు చాలానే ఉన్నాయి, అవి ఫెయిలా పాసా అని వైవాలో అడిగితే నలుగురూ నాలుగు జవాబులు చెప్తారు.

నల్గొండ టెక్నిక్ కూడా 2.4లో ఒకసారి, 3.5లో ఒకసారి వచ్చింది. 2.4లో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ మూడూ ఉన్నాయి, 3.5లో బ్లీచింగ్ ఊసే లేదు. మీరు ల్యాబ్‌లో వేశారా లేదా? వేస్తే 3.5లో రాయండి, వేయకపోతే వేయలేదనే రాయండి. 2.4లో నీరి వాళ్ళు ఎలా డెవలప్ చేశారో ఉంచి, మీరు బీకర్లో చేసింది మొత్తం 3.5కి మార్చండి. ఇంకోటి, ఒకచోట ఊళ్ళో అందరూ బోరు నీళ్ళే తాగుతారని ఉంది, నాలుగో చాప్టర్లో ఇంటింటికీ భగీరథ నల్లా ఉందని ఉంది. ఊళ్ళో అడిగి వచ్చింది మీరే కాబట్టి ఏది నిజమో మీరే తేల్చాలి.

ఇక భాష. రెండో చాప్టర్లో "నమూనాలు సేకరించబడి విశ్లేషణకు గురిచేయబడినవి", మూడులో "మేం పొద్దున్నే బోర్ల దగ్గరికి వెళ్ళి సీసాల్లో పట్టుకున్నాం", నాలుగులో "పరిశోధకుడు గమనించాడు". ఆ పరిశోధకుడు ఎవరు, మీరు నలుగురున్నారు కదా! నాకు నచ్చింది మూడో చాప్టర్ భాషే, దాన్ని కొంచెం సర్ది అంతటా అలాగే పెట్టండి, "బోరును కొంతసేపు నడిపించిన తర్వాత ప్లాస్టిక్ సీసాల్లో నమూనాలు తీసుకున్నాం" ఇలా. ఈ పని నలుగురూ పంచుకోవద్దు, ఒక్కరే కూర్చొని చేయాలి, లేకపోతే మళ్ళీ ఇదే గోల. అలాగే ఫ్లోరైడ్, ఫ్లోరిన్, ఫ్లోరైడు అని మూడు రకాలుగా రాశారు, ఫ్లోరిన్ వేరే పదార్థం, కెమిస్ట్రీ పిల్లలు అది రాయకూడదు.

3.3లో ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ రంగు ముదురుతుందని ఉంది, స్పాడ్న్స్ పద్ధతిలో రంగు తగ్గుతుంది కదా, మీ గ్రాఫ్ కూడా కిందికే దిగుతోంది. గ్రాఫ్ గీసినవాళ్ళు ఒకరు, వాక్యం రాసినవాళ్ళు ఇంకొకరు అని అక్కడే దొరికిపోతోంది.

నాకు అన్నిటికన్నా బాధ అనిపించింది ఆఖరి పేజీ. "సభ్యులందరూ సమానంగా పాల్గొన్నారు" అని ఒక్క లైన్. ఎండలో తిరిగి శాంపిళ్ళు తెచ్చినవాళ్ళు, గంటలు గంటలు స్పెక్ట్రోఫోటోమీటర్ ముందు నిలబడ్డవాళ్ళు, టైప్ మాత్రమే చేసినవాళ్ళు, అందరూ ఒకే లైన్లో కలిసిపోయారు. మార్కులు ఎవరికెన్ని వేయాలో సార్‌కి ఎలా తెలుస్తుంది? ఒక్కొక్కరు మీ పేరు కింద మీరే రాయండి, "మర్రిగూడ వైపు శాంపిళ్ళు తెచ్చాను, కాలిబ్రేషన్ గ్రాఫ్ గీశాను, 3.3 రాశాను" ఇంత స్పష్టంగా. ఇద్దరు కలిసి చేస్తే ఇద్దరని రాయండి. ఎవరైనా ఆ నెలలో రాలేకపోయి తర్వాత రాతపని తీసుకుంటే అదీ రాయండి, అందులో తప్పేం లేదు. రాశాక నలుగురూ ఒకరిది ఒకరు చదివి ఒప్పుకున్నాకే పెట్టండి, ఇప్పుడు మొహమాటపడితే వైవా రోజు మొహాలు చూసుకోవాల్సి వస్తుంది.

ముందు ఆ కాంట్రిబ్యూషన్ పేజీ రాసి గురువారానికి పంపండి, దాన్నిబట్టే 3.3, 3.5 ఎవరు సరిచేయాలో తేలుతుంది. మిగతా ఫైల్ ఆదివారం సాయంత్రానికి పంపితే రాత్రికల్లా చూసి ఇస్తాను.