ఏడు చేపల కథ: మూడో తరగతికి జట్లుగా చదివే స్క్రిప్టు

విశాఖపట్నం జాలారిపేట బడిలో మూడో తరగతి తెలుగు పీరియడ్ కోసం రాసింది. పిల్లలు 32 మంది, జట్లు నాలుగు. ఏప్రిల్ 15న మొదలైన వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. పడవలు మళ్లీ నీళ్లలోకి దిగుతాయి, ఇసుక మీద చేపలు ఎండుతుంటాయి, మీదేమో మబ్బులు. బడి తెరిచిన కొత్తలోనే ఈ కథ చదివించాలని అందుకే అనుకున్నాను.

ముందుగా పేరా (టీచర్ ఒక్కసారి చదివి వినిపించాలి)

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు. ఏడుగురూ వేటకు వెళ్లి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు. ఆరు చేపలు ఎండాయి, ఒకటి ఎండలేదు. ఎందుకెండలేదని అడిగితే గడ్డిమోపు అడ్డమొచ్చిందంది చేప. ఆవు మెయ్యలేదంది గడ్డిమోపు. కాపరి మేపలేదంది ఆవు. అవ్వ బువ్వ పెట్టలేదన్నాడు కాపరి. పాప ఏడ్చిందంది అవ్వ. చీమ కుట్టిందంది పాప. నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంది చీమ.

స్క్రిప్టులో ఈ ‘అంది’, ‘అన్నాడు’లన్నీ తీసేశాను. ఎవరు మాట్లాడుతున్నారో జట్టు గొంతే చెబుతుంది.

ఎవరు ఏం చదవాలి

రుషికొండ జట్టు: మొదటి నుంచి చివరిదాకా ప్రశ్నలన్నీ వీళ్లవే. ఇంకా అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్న పిల్లల్ని ఈ జట్టులోనే ఉంచండి. వాళ్లకు చిన్న పని ఇవ్వాలని కాదు. ఈ కథను నడిపేదే ప్రశ్న. పైగా ప్రశ్న తీరు ప్రతిసారీ ఒకటే, మారేవి పేరూ చివరి మాటా మాత్రమే. ఆ చివరి మాట కూడా అవతలి జట్టు అప్పుడే చెప్పిన జవాబులోదే. అందువల్ల చెవితో విన్న మాటనే వెంటనే కంటితో పట్టుకుంటారు. ప్రశ్నల్ని బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి, చదివేటప్పుడు మాట కింద వేలు కదపమనండి.

యారాడ జట్టు: చేప, ఆవు, అవ్వ.

కైలాసగిరి జట్టు: గడ్డిమోపు, కాపరి, పాప.

భీమిలి జట్టు: చీమ. చీమ వంతు వచ్చేదాకా ఊరికే కూర్చోబెడితే పిల్లలు కిటికీలోంచి చూస్తుంటారు. అందుకని ప్రతి జవాబు తర్వాత ‘అలాగా!’ అనే మాట వీళ్లకిచ్చాను. చీమను ఒక్కరికి కాకుండా జట్టు మొత్తానికి ఇవ్వండి, పుట్టలో చీమ ఒక్కటే ఉండదు కదా.

స్క్రిప్టు

టీచర్: అనగనగా ఒక రాజు.
అందరూ: ఊఁ!
టీచర్: ఆ రాజుకు ఎంతమంది కొడుకులు?
అందరూ: ఏడుగురు కొడుకులు!
టీచర్: ఏడుగురూ ఎక్కడికెళ్లారు?
అందరూ: వేటకెళ్లారు!
టీచర్: ఏం తెచ్చారు?
అందరూ: ఏడు చేపలు తెచ్చారు!
టీచర్: తెచ్చి ఏం చేశారు?
అందరూ: ఎండబెట్టారు!
రుషికొండ: ఒకటి ఎండింది!
యారాడ: రెండు ఎండాయి!
కైలాసగిరి: మూడు ఎండాయి!
భీమిలి: నాలుగు ఎండాయి!
రుషికొండ: అయిదు ఎండాయి!
యారాడ: ఆరు ఎండాయి!
టీచర్: మరి ఏడోది?
అందరూ (గొంతు తగ్గించి): ఎండలేదు.

(ఇక్కడ పుస్తకం పక్కన పెట్టి కాసేపు మాట్లాడించండి. నెత్తళ్లు ఎండబెట్టడం, చినుకు పడితే పరుగున వెళ్లి ఎత్తడం ఈ పిల్లల్లో చాలామంది చూసిన పనే. నీడలో ఉన్న చేప ఎందుకు ఎండదో వాళ్లనే చెప్పనివ్వండి. ఎండా గాలీ రెండూ తగలాలని, తడి ఆరకపోతే చేప పాడైపోతుందని వాళ్ల నోటే వస్తుంది. ఆ మాట వచ్చాక చదివితే, గడ్డిమోపు అడ్డమొచ్చిందన్న జవాబు నిజమైన కారణంలా వినిపిస్తుంది. ఈ ఆగడం మాత్రం వదలకండి. టైం చాలకపోతే చివర్లో వచ్చే తిరుగు చదువు రేపటికి పెట్టుకోవచ్చు.)

రుషికొండ: చేపా చేపా, ఎందుకు ఎండలేదు? (రెండు చప్పట్లు, ప్రతి ప్రశ్న తర్వాతా ఇలాగే)
యారాడ: గడ్డిమోపు అడ్డమొచ్చింది.
భీమిలి: అలాగా! అయితే మోపునే అడుగుదాం!

రుషికొండ: మోపూ మోపూ, ఎందుకు అడ్డమొచ్చావు?
కైలాసగిరి: ఆవు నన్ను మెయ్యలేదు.
భీమిలి: అలాగా! అయితే ఆవునే అడుగుదాం!

రుషికొండ: ఆవూ ఆవూ, ఎందుకు మెయ్యలేదు?
యారాడ: కాపరి నన్ను మేపలేదు.
భీమిలి: అలాగా! అయితే కాపరినే అడుగుదాం!

రుషికొండ: కాపరీ కాపరీ, ఎందుకు మేపలేదు?
కైలాసగిరి: అవ్వ నాకు బువ్వ పెట్టలేదు.
భీమిలి: అలాగా! అయితే అవ్వనే అడుగుదాం!

(‘మెయ్యలేదు’, ‘మేపలేదు’ దగ్గర పిల్లలు తడబడతారు. మేసేది ఆవు, మేపేది కాపరి అని ఒకసారి చేత్తో చూపించి ముందుకు వెళ్లండి.)

రుషికొండ: అవ్వా అవ్వా, ఎందుకు బువ్వ పెట్టలేదు?
యారాడ: పాప ఏడ్చింది.
భీమిలి: అలాగా! అయితే పాపనే అడుగుదాం!

రుషికొండ (మెల్లగా, బుజ్జగిస్తున్నట్టు): పాపా పాపా, ఎందుకు ఏడ్చావు?
కైలాసగిరి (వెక్కుతూ): చీమ... కుట్టింది.
భీమిలి: అలాగా! అయితే చీమనే...

(భీమిలి జట్టు మాట సగంలో ఆపేయాలి. చీమ వాళ్లే! మిగతా మూడు జట్లూ వాళ్ల వైపు తిరగాలి.)

రుషికొండ, యారాడ, కైలాసగిరి: చీమా చీమా, ఎందుకు కుట్టావు?
భీమిలి: నా బంగారు పుట్టలో...
అందరూ: ఊఁ!
భీమిలి: వేలు పెడితే...
అందరూ: ఊఁ!
భీమిలి: కుట్టనా?

(చీమను దుర్మార్గపు గొంతుతో చదివించకండి. తన ఇల్లు తను కాపాడుకుంది, అంతే. ‘కుట్టనా’ దగ్గర గొంతు పైకి లేచి, అడుగుతున్నట్టుగానే ఆగాలి.)

తిరుగు చదువు (ప్రశ్నలుండవు, చప్పట్లుండవు, ఒకరి మాట ముగియగానే ఇంకొకరు అందుకోవాలి)

భీమిలి: చీమ కుట్టింది,
కైలాసగిరి: పాప ఏడ్చింది,
యారాడ: అవ్వ బువ్వ పెట్టలేదు,
కైలాసగిరి: కాపరి ఆవును మేపలేదు,
యారాడ: ఆవు గడ్డి మెయ్యలేదు,
కైలాసగిరి: మోపు అడ్డం తొలగలేదు,
యారాడ: చేప ఎండలేదు!
టీచర్: ఎన్నో చేప?
రుషికొండ: ఏడో చేప!

రెండో రోజు

జట్లు ఒక్కో స్థానం జరగాలి. రుషికొండ జట్టుకు చేప, ఆవు, అవ్వ వస్తాయి. నిన్న ఆ జవాబుల్ని పొల్లుపోకుండా విన్నది వాళ్లే, కాబట్టి భయపడరు. యారాడకు మోపు, కాపరి, పాప, కైలాసగిరికి చీమ, ప్రశ్నలు భీమిలికి.

పుస్తకం భాషలో ఒకసారి చదివాక, అదే స్క్రిప్టు ఇంట్లో మాట్లాడినట్టు చెప్పనివ్వండి. సరిదిద్దకండి. నాయనమ్మ దగ్గర విన్న కథ ఆ యాసలోనే ఉంటుంది, బడిలోనూ దానికి చోటుండాలి. మొదటి రెండు మాటలు బోర్డు మీద రాసిస్తే తర్వాతవి పిల్లలే అల్లుకుంటారు:

భీమిలి: సేపా సేపా, ఎందుకెండనేదు?
రుషికొండ: గడ్డిమోపు అడ్డొచ్చీసింది!