మిర్చి నాణ్యత పరిశీలకుడి ఉద్యోగానికి దరఖాస్తు

మేడమ్ గారికి నమస్కారం.

గత జనవరిలో మీ సంస్థలో అకౌంట్స్ ఉద్యోగానికి మీరే నన్ను ఇంటర్వ్యూ చేశారు. జీఎస్టీ రిటర్నుల అనుభవం చాలదని ఎంపిక చేయలేదు. ఆ కారణం చెప్పి మరీ మెయిల్ పంపారు. చాలామంది ఆ మాత్రం జవాబు కూడా ఇవ్వరు. కృతజ్ఞతలు.

వరంగల్ కొనుగోలు కేంద్రానికి మిర్చి నాణ్యత పరిశీలకుడు కావాలన్న మీ ప్రకటన నిన్న చూశాను. నిజానికి నాకు లెక్కల పుస్తకం కంటే ఈ పనే బాగా వచ్చు. ఎనుమాముల మార్కెట్‌లో ఒక కమీషన్ ఏజెంటు దగ్గర మూడు సీజన్లు పనిచేశాను. బస్తా పైన కనిపించే కాయను నమ్మను. అడుగు నుంచి గుప్పెడు తీసి, తొడిమ పట్టి విరిచి చూస్తాను. మెత్తగా వంగితే తేమ ఉన్నట్టే. తేజ రకానికి ఘాటు, చపాటాకు రంగు ముఖ్యం కాబట్టి రెండింటినీ ఒకే కొలతతో చూడను. తాలు కాయలు ఎక్కువగా ఉంటే రైతు ఎదుటే వేరుచేసి చూపిస్తాను. ధర తగ్గినా గొడవ రాదు.

కొత్త రెజ్యూమె జతచేశాను. పాత ఏజెంటు గారు నా గురించి మాట్లాడటానికి ఒప్పుకున్నారు, అడిగితే నంబరు పంపుతాను. ఒకసారి ఎంపిక కానివారు మళ్లీ దరఖాస్తు చేయడానికి గడువు నియమం ఏదైనా ఉందా? ఉంటే ఎప్పటివరకు ఆగాలో దయచేసి తెలపండి. లేకపోతే ఏ రోజైనా మధ్యాహ్నం రెండు తర్వాత రాగలను.

ఇట్లు,
శ్రీకాంత్, హనుమకొండ