రంగారెడ్డి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు
(వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 35)

ప్రతివాది బిల్డర్ వద్ద నేను 4వ అంతస్తులో 1,200 చదరపు అడుగుల ఫ్లాట్ కొన్నాను. గ్రేస్ పీరియడ్ కలిపినా 31-12-2022 నాటికి అప్పగించాలి. ఆ తేదీకి ముందే రూ.46,00,000 చెల్లించాను, రసీదులు జతచేశాను.

మొన్న వెళ్లి చూస్తే కిటికీలకు అద్దాల్లేవు, లిఫ్ట్ గుంతలో వాన నీళ్లు నిలిచి ఉన్నాయి. ఒకపక్క ఇంటి అద్దె, మరోపక్క బ్యాంకు ఈఎంఐ. నెల మొదలైతే ఇంట్లో అందరికీ టెన్షనే.

నా వాయిదా ఆలస్యమైతే 18 శాతం వడ్డీ అని రాసుకున్న బిల్డర్, తన ఆలస్యానికి అడుగుకు నెలకు రూ.3 మాత్రమే, అంటే రూ.3,600 ఇస్తానంటున్నారు. ఇది ఏకపక్షం, అన్యాయం.

వడ్డీ లెక్క (30-06-2025 వరకు 30 నెలలు, ఏడాదికి 9 శాతం సాధారణ వడ్డీ):
46,00,000 × 9/100 × 30/12 = రూ.10,35,000

వడ్డీ అడుగుతున్నందున అద్దె విడిగా కోరడం లేదు.

కాబట్టి ఫ్లాట్ పూర్తిచేసి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌తో అప్పగించాలని, పై వడ్డీతోపాటు 01-07-2025 నుంచి స్వాధీనం ఇచ్చేదాకా నెలకు రూ.34,500, మానసిక వేదనకు రూ.1,00,000, ఖర్చులకు రూ.25,000 ఇప్పించాలని ప్రార్థిస్తున్నాను.

ఫిర్యాదిదారు
30-06-2025