విషయం: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు గైడ్‌గా ఉండమని అభ్యర్థన – బేరింగ్ లోపాల గుర్తింపు

మేడమ్‌కి నమస్కారం.

నేను ఈఈఈ ఫైనల్ ఇయర్ విద్యార్థిని శ్రావణిని. పోయిన సెమిస్టర్‌లో మీ మెషిన్ లెర్నింగ్ ఎలెక్టివ్ చదివాను. పన్నెండు వారాల్లో ఒక్కదాన్నే పూర్తిచేయగల చిన్న ప్రాజెక్టుకు మీరు గైడ్‌గా ఉండగలరేమోనని రాస్తున్నాను.

మోటారు వైబ్రేషన్ సిగ్నల్‌ను బట్టి బేరింగ్ లోపం లోపలి రేసులో ఉందా, బయటి రేసులోనా, బాల్‌లోనా చెప్పాలి. డేటా కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీ అందరికీ అందుబాటులో పెట్టినదే. సెకనుకు 12,000 శాంపిళ్లు, 0.007, 0.014, 0.021 అంగుళాల లోపాలు. 0 నుంచి 3 హెచ్‌పీ దాకా నాలుగు లోడ్లు. బయటి రేసుకు ఒక్క స్థానమే తీసుకుంటే మొత్తం 36 రికార్డింగులు.

ఈ డేటా మీద 99 శాతం తెప్పించడం కష్టమేం కాదు, దాన్ని నమ్మడమే కష్టం. ఒకే రికార్డింగును విండోలుగా కోసి, కలగలిపి ట్రెయిన్, టెస్ట్‌లకు పంచితే మోడల్ లోపానికి బదులు ఆ బేరింగునే గుర్తుపట్టేస్తుంది. లోడు వారీగా విడగొట్టినా లాభం లేదు, నాలుగు లోడ్లలోనూ తిరిగింది అదే బేరింగు. అందుకని రెండు సైజులతో ట్రెయిన్ చేసి మూడోదాని మీద పరీక్షిస్తాను:

```python
LeaveOneGroupOut().split(X, y, groups=fault_size)
```

యాక్యురసీ పడిపోతుందనే అనుకుంటున్నాను. ఎంత పడుతుంది, ఏ లోపం దగ్గర పడుతుంది అన్నదే తేల్చాల్సింది.

విండో 4096 శాంపిళ్లు (0.34 సెకను), ఓవర్‌ల్యాప్ ఉండదు. ముందు ఆర్ఎంఎస్, కర్టోసిస్, ఎన్వలప్ స్పెక్ట్రమ్ ఫీచర్లతో రాండమ్ ఫారెస్ట్. లోడు పెరిగితే వేగం 1797 నుంచి సుమారు 1730 ఆర్‌పీఎంకు తగ్గి, లోపలి రేసు ఫ్రీక్వెన్సీ 162 హెర్ట్జ్ నుంచి 156కు జరుగుతుంది. కాబట్టి హెర్ట్జ్‌లో కాకుండా షాఫ్ట్ వేగానికి ఎన్ని రెట్లో చూస్తాను: లోపలి రేసుకు 5.415, బయటిదానికి 3.585. స్కేలింగ్ ట్రెయిన్ భాగం మీదే ఫిట్ చేస్తాను. జీపీయూ అక్కర్లేదు, నా ల్యాప్‌టాప్ చాలు.

రెండు చోట్ల మీ సలహా కావాలి. లోపం లేని బేరింగుకు సైజంటూ లేదు కనుక ఈ విభజనలో ఇమడదు; దాన్ని వదిలేసి మూడు క్లాసులతోనే చేయాలని నా ఉద్దేశం, కానీ రివ్యూలో అభ్యంతరం వస్తుందేమో. రెండోది, విండోలు వెయ్యికి అటూఇటుగానే వస్తాయి. వాటితో 1డి సీఎన్ఎన్ పెట్టడంలో అర్థం ఉందా, లేక రాండమ్ ఫారెస్ట్ దగ్గరే ఆగి తప్పులను లోతుగా చూడడం మేలా?

రెండు వారాలకోసారి అరగంట సమయం ఇస్తే చాలు. గైడ్ సంతకంతో ఫారం ఈ నెల 20లోగా ఇవ్వాలి. మంగళ, గురువారాల్లో మూడింటి తర్వాత నాకు క్లాసులు లేవు, మీకు వీలైన రోజు వచ్చి కలుస్తాను. ఒక పేజీ ప్రపోజల్ జతచేశాను. ఈ ఏడాది మీ దగ్గర ఇప్పటికే ఎక్కువ బ్యాచ్‌లు ఉంటే ఒక్క మాట చెప్పండి మేడమ్, వేరే వారిని అడుగుతాను.

ఇట్లు,
శ్రావణి
ఈఈఈ, ఫైనల్ ఇయర్, బి సెక్షన్